మూడీ చార్టులో ఎడమవైపు ఒకే గీత, కుడివైపు ఇన్ని గీతలెందుకు?

ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివేవాళ్లలో ఎక్కువమందికి ఏదో ఒక రోజు ఈ డౌటు వస్తుంది. పైపుల్లో ప్రవాహ నష్టం లెక్కగట్టడానికి వాడే మూడీ చార్టు చూస్తే, వేగం పెరిగేకొద్దీ ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ తగ్గుతూ పోతుంది. పంపు దగ్గర నిలబడి చూస్తే మాత్రం వేగం పెంచిన ప్రతిసారీ ప్రెజర్ నష్టం పెరుగుతుంది. రాపిడి తగ్గుతుందా, పెరుగుతుందా? రెండూ నిజమే. చిక్కంతా ఆ "ఫ్యాక్టర్" అన్న మాటలో ఉంది. అది విడిపోతే చార్టులో సగం అర్థమైనట్టే, మిగతా సగం పైపు గోడను ఆనుకుని ఉండే, వెంట్రుక మందం కూడా లేని ఒక పొర మీద ఆధారపడి ఉంటుంది.

మాట్లాడుకోవడానికి ఒక పైపు పెట్టుకుందాం, చివరిదాకా దీన్నే వాడదాం. గుండ్రటి స్టీలు పైపు, లోపలి వ్యాసం 50 మి.మీ., పొడవు 100 మీటర్లు, మామూలు కొత్త స్టీలు కాబట్టి గరుకుదనం 0.045 మి.మీ. అనుకుందాం. ఇందులో ఒకసారి 20 డిగ్రీల నీరు, ఒకసారి చిక్కటి నూనె పంపిస్తాం.

## ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ అంటే రాపిడి కాదు

పైపులో నష్టాన్ని లెక్కగట్టే డార్సీ-వైస్‌బాక్ సూత్రం ఇది:

```
hf = f × (L/D) × V²/(2g)
```

hf అంటే హెడ్ నష్టం, అంటే ప్రెజర్ నష్టాన్ని ద్రవం ఎత్తుగా మీటర్లలో చెప్పడం. L పొడవు, D వ్యాసం, V సగటు వేగం, g గురుత్వ త్వరణం. ఇక్కడ f ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. నష్టం పొడవును బట్టి పెరుగుతుంది, సన్నటి పైపులో ఎక్కువ ఉంటుంది, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది అని ముందే అనేసుకుని, ఈ అంచనాకూ అసలు కొలతకూ మధ్య మిగిలే తేడానంతా f నెత్తిన వేశారు. అంటే f అనేది రాపిడి బలం కాదు, నష్టాన్ని సూత్రంలోని మిగతా భాగమంతటితో, వేగం వర్గంతో సహా, భాగిస్తే మిగిలే సంఖ్య. అందుకే దానికి యూనిట్లు లేవు.

ఇప్పుడు మొదటి డౌటు సగం తీరింది. f తగ్గుతోందంటే నష్టం తగ్గుతోందని కాదు, నష్టం వేగం వర్గమంత జోరుగా పెరగడం లేదని అర్థం, అంతే.

రెండో సంఖ్య రెనాల్డ్స్ సంఖ్య, `Re = V × D / ν`. ఇందులో ν ద్రవం కైనమాటిక్ స్నిగ్ధత, అంటే చిక్కదనాన్ని సాంద్రతతో భాగించింది. ముందుకు తోసుకుపోయే జోరు, పొరలను పట్టి ఉంచే జిగట, ఈ రెండిట్లో ఎవరిది పైచేయి అన్నది ఈ సంఖ్య చెబుతుంది. 1883లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ గాజు గొట్టంలో నీటి మధ్య రంగు వదిలి చూశాడు. నెమ్మదిగా పారినప్పుడు రంగు దారంలా చెక్కుచెదరకుండా సాగింది, వేగం ఒక హద్దు దాటాక ఉన్నట్టుండి చెదిరి గొట్టమంతా కలిసిపోయింది. మొదటిది లామినార్, రెండోది టర్బులెంట్.

## ఎడమవైపు గీత: 64/Re

లామినార్ ప్రవాహంలో ద్రవం ఒకదానిలో ఒకటి దూర్చిన గొట్టాల్లా జారుతుంది, మధ్య పొర వేగంగా, గోడ పక్క పొర దాదాపు నిలిచిపోయి. ఎక్కడా సుడులు లేవు కాబట్టి దీన్ని కాగితం మీదే పూర్తిగా సాధించొచ్చు, ప్రయోగం అవసరం లేదు. హేగన్, పాయిజీ 1840 ప్రాంతంలో కొలిచి చూపింది కూడా ఈ ఫలితాన్నే. వచ్చేది `f = 64/Re`.

నూనెతో చేసి చూద్దాం. దాని ν నీటికి వంద రెట్లు, అంటే 0.0001 m²/s అనుకుందాం. వేగం సెకనుకు 2 మీటర్లు.

```
Re = 2 × 0.05 / 0.0001 = 1000
f  = 64 / 1000 = 0.064
hf = 0.064 × (100/0.05) × 2²/(2 × 9.81) = 26.1 మీ.
```

వేగాన్ని 4 మీటర్లకు పెంచితే Re 2000 అవుతుంది, f సగమై 0.032కు పడుతుంది, V² మాత్రం నాలుగు రెట్లవుతుంది. నాలుగులో సగం రెండు, కాబట్టి నష్టం 52.2 మీటర్లు, సరిగ్గా రెట్టింపు. f సగమైంది, నష్టం రెట్టింపైంది, ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. లామినార్ ప్రవాహంలో అసలు నష్టం వేగానికి నేరుగా అనుపాతంలో ఉంటుంది. మనమే సూత్రంలో V² అని బలవంతంగా పెట్టాం, ఆ ఎక్కువైన ఒక V ని కొట్టేయడానికే 64/Re లో Re కిందకి వచ్చి కూర్చుంది. నా మటుకు నాకు, లామినార్‌కి f వాడటమే కొంచెం చుట్టుతిరుగుడు వ్యవహారం. రెండు రకాల ప్రవాహాలనూ ఒకే చార్టు మీద పెట్టాలన్న సౌకర్యం కోసం చేసిన పని అది.

గమనించాల్సింది ఇంకొకటుంది. ఈ లెక్కలో 0.045 మి.మీ. గరుకుదనం ఎక్కడా రాలేదు. గోడ మీది చిన్న గుట్టల చుట్టూ ఉన్న ద్రవం దాదాపు కదలకుండా ఉంటుంది, పైన జారే పొరలు వాటి మీదుగా మెత్తగా దాటిపోతాయి, గుట్టల వెనక సుడి లేచే అవకాశమే లేదు. అందుకే చార్టులో ఎడమవైపు ఒకే ఒక వాలుగీత ఉంది. గుట్టలు వ్యాసంతో పోలిస్తే చిన్నవిగా ఉన్నంతవరకే ఈ మాట, గోడ మీద పెచ్చులు కట్టి దారే సన్నబడిపోతే అది వేరే కథ.

## కుడివైపు ఎందుకు మారిపోతుంది

అదే పైపులో, అదే 2 మీటర్ల వేగంతో నీరు పంపుదాం. ν ఇప్పుడు 0.000001, Re లక్ష. ప్రవాహం పూర్తిగా టర్బులెంట్. ద్రవం ముద్దలు ముద్దలుగా గోడ దగ్గరికి వచ్చి, అక్కడి నెమ్మది నీటిని మధ్యలోకి, మధ్యలోని వేగం నీటిని గోడ దగ్గరికి మోస్తుంటాయి. ఈ మోతవల్ల గోడ దగ్గర వేగం చాలా నిటారుగా మారుతుంది, నష్టం దాదాపు V² లాగే పెరుగుతుంది. అంటే సూత్రంలో మనం పెట్టిన V² ఇక్కడ సహజంగా నప్పుతుంది, కాబట్టి f పెద్దగా కదలదు.

అయితే గోడను ఆనుకుని ఒక సన్నటి పొర మిగులుతుంది, అక్కడ సుడులకు చోటు లేక జిగటదే రాజ్యం. దీన్ని విస్కస్ సబ్‌లేయర్ అంటారు. టర్బులెంట్ వైపు గీతలు ఎందుకు విడిపోతాయో చెప్పేది ఇదే. గోడ గుట్టలు ఈ పొరలో మునిగి ఉంటే పైన సుడులకు అవి కనిపించవు, పైపు అద్దంలా నున్నగా ఉన్నట్టే లెక్క. గుట్టలు పొరను చీల్చుకుని బయటికొస్తే ఒక్కో గుట్ట వెనకా సుడులు లేస్తాయి, నష్టం పెరుగుతుంది.

పొర మందం ఎంతో సుమారుగా కట్టొచ్చు. గోడ దగ్గరి ఒరిపిడిని బట్టి ఒక వేగం తీసుకుంటారు, దాన్ని ఫ్రిక్షన్ వెలాసిటీ అంటారు, `u* = V × √(f/8)`. పొర మందం దాదాపు `5ν/u*`. మన నీటి పైపుకి f విలువ 0.0218 (ఎలా వచ్చిందో కింద చూద్దాం). u* సెకనుకు 0.104 మీటర్లు, పొర మందం 0.048 మి.మీ. గుట్టల ఎత్తు 0.045 మి.మీ. రెండూ దాదాపు సమానం! గుట్టలు అప్పుడప్పుడే తలలు బయటపెడుతున్నాయన్నమాట.

వేగాన్ని పదో వంతుకి, 0.2 మీటర్లకి తగ్గిస్తే పొర 0.39 మి.మీ. దాకా మందమవుతుంది, గుట్టలు అందులో పూర్తిగా మునిగిపోతాయి. అప్పుడు f 0.0322, అదే Re దగ్గర పూర్తి నున్నటి పైపుకి 0.0309. తేడా నాలుగు శాతమే. 2 మీటర్ల దగ్గర ఈ పోలిక 0.0218కీ 0.0180కీ మధ్య, అంటే తేడా ఇరవై శాతం దాటింది. ఒకే పైపు, ఒకే గోడ, అయినా గరుకుదనం ప్రభావం వేగాన్ని బట్టి మారిపోయింది. చార్టులో కుడివైపు గీతలు మొదట్లో నున్నటి పైపు గీతకు దగ్గరగా ఉండి, ఒక్కొక్కటిగా విడిపోయి, చివరికి అడ్డంగా చదునైపోవడానికి కారణం ఇంతకన్నా లోతైనదేమీ కాదు.

ఆ చదును భాగాన్ని ఫుల్లీ రఫ్ అంటారు. అక్కడ పొర లెక్కలోకి రానంత పల్చబడిపోతుంది, f Re మీద ఆధారపడదు, గరుకుదనం ఒక్కటే నిర్ణయిస్తుంది. మన పైపుకి ఆ విలువ 0.0191. కాకపోతే అక్కడికి చేరాలంటే నీటి వేగం సెకనుకు 30 మీటర్లు దాటాలి! అలా ఎవరూ నడపరు. మామూలు వేగాల్లో నీరు మోసే మన పైపు ఎప్పుడూ ఆ మధ్య భాగంలోనే ఉంటుంది, అంటే Re, గరుకుదనం రెండూ చూడక తప్పదు. "టర్బులెంట్ కదా, f స్థిరం" అని ఒక విలువ పెట్టుకుని ముందుకు పోయేవాళ్లు మర్చిపోయేది ఇదే.

## చార్టు మీద చదవడం

చార్టుకు కుడి అంచున ఉండేది సాపేక్ష గరుకుదనం, గుట్ట ఎత్తును వ్యాసంతో భాగించింది. మనకు 0.045/50, అంటే 0.0009. ఆ గీత పట్టుకోవాలి. సరిగ్గా ఆ అంకె ఉండకపోవచ్చు, 0.0008కీ 0.001కీ మధ్య కంటితో ఊహించుకోవాలి. కింద అంచున Re లక్ష దగ్గర నిలువుగా పైకి వెళ్లి గీతను తాకిన చోటు నుంచి ఎడమ అంచుకు అడ్డంగా వస్తే 0.022కు కొంచెం కింద తగులుతుంది.

ఇక్కడ చేయి జారేది స్కేలు దగ్గర. Re ఉన్న కింది అంచు, f ఉన్న ఎడమ అంచు రెండూ లాగరిథమిక్. 10,000కీ లక్షకీ సరిగ్గా నడిమధ్యన ఉండేది 55,000 కాదు, సుమారు 31,600. పెన్సిల్ పెట్టి మధ్యలో గుర్తు పెట్టి సగటు తీసేసే అలవాటు ఉంటే ఇక్కడ అది మోసం చేస్తుంది.

చార్టు వెనకున్న గీతలు కోల్‌బ్రుక్ సమీకరణం నుంచి వచ్చినవి:

```
1/√f = -2 log10( (ε/D)/3.7 + 2.51/(Re √f) )
```

ε గరుకుదనం. f రెండువైపులా ఉంది కాబట్టి నేరుగా బయటికి తీయలేం, ఒక విలువ అనుకుని పెట్టి, వచ్చింది మళ్లీ పెట్టి తిప్పుకుంటూ పోవాలి. మన పైపుకి ఫుల్లీ రఫ్ విలువ 0.0191తో మొదలుపెడితే మొదటి తిప్పుకు 0.0220, రెండో తిప్పుకు 0.0218, మూడోసారీ 0.0218. రెండు తిప్పుల్లో పని అయిపోయింది.

```
hf = 0.0218 × 2000 × 4/19.62 = 8.9 మీ.
```

వేగం 4 మీటర్లకు పెంచితే f 0.0206, నష్టం 33.6 మీటర్లు, అంటే 3.8 రెట్లు. నూనెకు అదే పనికి రెండు రెట్లే పెరిగింది గుర్తుందా? నాలుగు రెట్లు కాకుండా 3.8 దగ్గర ఆగడానికి కారణం f ఆ కాస్త తగ్గడమే.

పైపు తుప్పు పట్టి గరుకుదనం 0.5 మి.మీ. అయిందనుకుందాం (వ్యాసం తగ్గడాన్ని పక్కన పెడదాం). సాపేక్ష గరుకుదనం 0.01. 2 మీటర్ల వేగానికి f 0.0385కు ఎగబాకుతుంది, నీటి నష్టం 8.9 నుంచి 15.7 మీటర్లకు పెరుగుతుంది. నూనెకు? అదే 26.1. తుప్పు పట్టిన సంగతి నూనెకు తెలియనే తెలియదు.

## మధ్యలో మసక భాగం

Re 2000 నుంచి 4000 దాకా చార్టులో ఒక పట్టీని గీతలతో నింపి వదిలేస్తారు, అక్కడ నమ్మదగిన గీత లేదు. Re 3000 దగ్గర మన పైపుకి లామినార్ గీతను పొడిగిస్తే f 0.021, కోల్‌బ్రుక్‌ని వెనక్కి లాగితే 0.044. రెట్టింపు తేడా. అసలు కొలత ఈ రెండిటి మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, పైగా ఒక్కచోట నిలబడదు, ఎందుకంటే పైపులో కొంత పొడవు ప్రశాంతంగా, కొంత పొడవు సుడులతో, అలా ముక్కలు ముక్కలుగా ప్రవాహం సాగుతుంటుంది. ప్రెజర్ గేజీ ముల్లు ఊగుతూనే ఉంటే, పంపు బాగానే ఉంటే, Re ఈ పట్టీలో పడిందేమో చూడాలి.

లామినార్ ఆగి టర్బులెంట్ మొదలయ్యే Re గా పుస్తకాలు చెప్పే 2300 అన్న అంకెను చాలామంది గోడలా భావిస్తారు. అది గోడ కాదు. ప్రవేశం నున్నగా, కుదుపులు లేకుండా జాగ్రత్తపడితే ప్రయోగశాలలో Re లక్ష దాకా కూడా లామినార్‌గా నిలిపి చూపించారు. కింది హద్దు మాత్రం ఉంది. 2011లో వచ్చిన ఒక ప్రసిద్ధ ప్రయోగం దాన్ని 2040 చుట్టూ తేల్చింది. అంతకన్నా కింద సుడులు పుట్టినా వ్యాపించలేక చచ్చిపోతాయి, పైన చావడం కన్నా పిల్లలు పెట్టడం ఎక్కువవుతుంది. డిజైన్ చేసేవాళ్లు ఈ పట్టీలో పడితే సాధారణంగా టర్బులెంట్ విలువే తీసుకుంటారు, నష్టాన్ని కాస్త ఎక్కువగా అంచనా వేసినా పంపు చిన్నదైపోదు కదా అని. వేడి బదిలీ లెక్కల్లో ఇది ఎదురు తిరుగుతుంది. టర్బులెంట్ అనుకుంటే వేడి బదిలీ బాగా జరుగుతుందని అంచనా వచ్చి, కట్టిన పరికరం చాలకుండా పోతుంది.

## డార్సీనా, ఫ్యానింగా?

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే తప్పు ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే నేనూ చేశాను. కెమికల్ ఇంజినీరింగ్ పుస్తకాల్లో తరచుగా కనిపించే ఫ్యానింగ్ ఫ్రిక్షన్ ఫ్యాక్టర్, డార్సీ విలువలో సరిగ్గా నాలుగో వంతు. రెండిటినీ f అనే రాస్తారు, రెండిటికీ చార్టులు ఒకేలా కనిపిస్తాయి. నేను ఒక పుస్తకంలోంచి చార్టు, ఇంకో పుస్తకంలోంచి సూత్రం తీసుకుని లెక్క కట్టాను. మన పైపుతోనే చెప్పాలంటే 8.9 మీటర్లు రావాల్సిన చోట 2.2 వచ్చినట్టు, దాన్ని చూసి పైపు బాగుందని సంతోషించాను కూడా. పట్టుకోవడానికి చిన్న ఉపాయం, లామినార్ గీత మీద Re 1000 దగ్గర చూడండి. 0.064 ఉంటే డార్సీ, 0.016 ఉంటే ఫ్యానింగ్.

## గీతలను ఎంత నమ్మాలి

ఈ గీతల పుట్టుకలోనే ఒక తగాదా ఉంది. 1933లో నికురాడ్సే పైపుల లోపల ఒకే సైజు ఇసుక రేణువులు అంటించి కొలిచాడు. అతని గీతల్లో f మొదట నున్నటి గీత వెంట దిగి, తర్వాత మళ్లీ పైకి లేచి చదునవుతుంది. మామూలు పైపులతో కొలిచిన కోల్‌బ్రుక్, వైట్‌లకు ఆ గొయ్యి కనిపించలేదు, f మెల్లగా దిగుతూనే పోయి చదునైంది. వాళ్ల వివరణ సబబుగానే ఉంది. ఇసుక రేణువులన్నీ ఒకే ఎత్తు కాబట్టి పొర పల్చబడగానే అన్నీ దాదాపు ఒకేసారి బయటపడతాయి, మార్కెట్లో దొరికే పైపు గోడ మీద మాత్రం పెద్ద గుట్టలు ముందు, చిన్నవి తర్వాత తల ఎత్తుతాయి, కాబట్టి మార్పు నెమ్మదిగా జరుగుతుంది. కోల్‌బ్రుక్ సమీకరణం 1939లో వచ్చింది, ప్రిన్స్‌టన్‌లో ఉన్న లూయిస్ మూడీ 1944లో దాన్ని అందరికీ చదవడానికి వీలైన చార్టుగా గీశాడు. అంతకు కొంచెం ముందే హంటర్ రౌస్ ఇలాంటిదే గీశాడు, కానీ దాని అక్షాలు వాడుకకు కొంచెం ఇబ్బంది, మూడీ Re, f లను నేరుగా అక్షాల మీద పెట్టాడు.

తర్వాతి కాలంలో అదే ప్రిన్స్‌టన్‌లో సూపర్‌పైప్ అనే పరికరంలో పాలిష్ చేసిన గోడతో కొలిస్తే మళ్లీ నికురాడ్సే తరహా గొయ్యి కనిపించింది. అంటే గీత ఆకారం గుట్టల ఎత్తు ఒక్కదాని మీదే కాదు, వాటి తీరు మీద కూడా ఆధారపడుతుంది. ఒక్క ε తో గోడనంతా వర్ణించేస్తున్నామన్నదే కొందరి అభ్యంతరం, అది న్యాయమైనదే. అటువైపు వాళ్లు చెప్పేదీ కొట్టిపారేసేది కాదు. గోడ తీరు వల్ల వచ్చే తేడా కొద్ది శాతాలే, అసలు ε నే మనం పట్టికలోంచి ఊహగా తీసుకుంటున్నాం, పైపు పాతబడితే అది ఎన్నో రెట్లు మారిపోతుంది. మూడీ కూడా తన చార్టు నుంచి పది శాతం అటూఇటూ కచ్చితత్వమే ఆశించాలన్న ధోరణిలో రాశాడు. లామినార్ గీతకు మాత్రం ఈ గొడవ లేదు, అక్కడ తప్పు వస్తే అది స్నిగ్ధత విలువది, ముఖ్యంగా నూనె ఉష్ణోగ్రత సరిగ్గా చూడకపోవడం వల్ల.

కాబట్టి 0.0218 అని దశాంశం తర్వాత నాలుగు అంకెలతో నేను పైన రాసింది తిప్పుడు ఎలా ఆగుతుందో చూపించడానికే. ఈ పైపుకి పంపు కొనాల్సి వస్తే 8.9 ని 8 నుంచి 10 మీటర్లని చదువుకుంటాను, అది కూడా పైపు కొత్తదైతేనే.